కొర్రల పాకెట్ మీద "కొర్రలు" అని ఎక్కడుంది?

జహీరాబాద్, న్యాల్‌కల్, ఝరాసంగం దిక్కు పండిన కొర్రలు, సామలు, పచ్చజొన్నలు ఇప్పుడు పటాన్‌చెరు, ఇస్నాపూర్, రామచంద్రాపురం దుకాణాల్లో అరకిలో పాకెట్లుగా వస్తున్నయి. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి చిరుధాన్యాలను నిలబెట్టిన నేల ఇది. పటాన్‌చెరులోనే 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది, జొన్న మీద, సజ్జ మీద ప్రపంచానికే పరిశోధన అక్కడి నుంచి పోతది. విత్తనం తెలుసు, సాగు తెలుసు, పొట్టు తీసే మర కూడా ఊళ్ళోకి వచ్చింది. అయినా దుకాణం అరలో మన పాకెట్ మూడు నెలలు కూర్చొని, తేదీ దాటి వాపసు వస్తున్నది. అందరూ ధర ఎక్కువని అంటరు, జనానికి వండుకోవడం రాదని అంటరు. అవీ ఉన్నయి. కానీ నేను చాలా దుకాణాల్లో నిలబడి చూసిన తర్వాత చెప్తున్న: చాలా పాకెట్లు కొనేవాళ్ళ కంటికి కనబడకనే ఆగిపోతున్నయి. కనబడ్డా, అందులో ఏముందో అర్థం కాక ఆగిపోతున్నయి.

నా అభిప్రాయం సూటిగా ఇది. లేబుల్‌ను కంప్యూటర్ తెర మీద చూసి "బాగుంది" అనడం మానాలి. నిండిన పాకెట్‌కు అంటించి, అరలో పెట్టి, మూడడుగుల దూరం నిలబడి చూసినంకనే అచ్చుకు ఇయ్యాలి. అట్ల చూడని లేబుల్‌కు పెట్టిన పైసలన్నీ వృథా.

ఒక పాకెట్ తీసుకొని మొత్తం చూద్దాం. మన జిల్లాలోనే ఒక రైతుల సంఘం వేయించిన అరకిలో కొర్ర బియ్యం పాకెట్ ఇది. పేరు చెప్పను, ఎందుకంటే పదిలో ఎనిమిది ఇట్లనే ఉన్నయి. గోధుమ రంగు కాగితం లాంటి సంచి, నిలబడేది, పైన జిప్పు. వెడల్పు 15 సెంటీమీటర్లు, ఎత్తు 22. ముందువైపు నడుమ ఆకు బొమ్మ, దాని కింద సంఘం బ్రాండ్ పేరు వంకర్ల అక్షరాల్లో, ఇంగ్లీషులో, ఆరు సెంటీమీటర్ల మేర. దాని కింద "ఫాక్స్‌టెయిల్ మిల్లెట్" అని ఇంగ్లీషు అక్షరాల్లో, బంగారు రంగులో, 5 మిల్లీమీటర్ల ఎత్తు. అడుగున ఒక మూలకు బరువు. "కొర్రలు" అనే మాట వెనకవైపు, రైతుల కథ చెప్పే పేరాలో నాలుగో వరుసలో, 2 మిల్లీమీటర్ల అక్షరంలో ఉంది.

ముందు కనబడటం సంగతి. నిలబడే సంచిలో అరకిలో గింజ పోస్తే ఏమైతదో చూసిన్రా? గింజ కిందికి దిగి బొజ్జ వస్తది. అడుగు మడత నాలుగైదు సెంటీమీటర్లు లోపలికి, కిందికి తిరుగుతది. పైన జిప్పు, అతుకు కలిసి నాలుగు సెంటీమీటర్లు, అది ఖాళీగా ఉండి ముందుకు వంగుతది. అంటే 22 సెంటీమీటర్లలో మనిషి కంటికి నేరుగా కనబడేది నడుమ 13 సెంటీమీటర్లే. తెర మీద చదును బొమ్మలో అడుగున చక్కగా కనబడిన బరువు, అరలో ముందున్న ధర పట్టీ వెనక దాక్కుంటది. ఆ 13 సెంటీమీటర్లే మన పొలం అనుకోండి. అందులో సగానికి పైగా ఆకు బొమ్మకు, బ్రాండ్‌కు ఇచ్చి, గింజ పేరును గట్టు మీదికి నెట్టినం.

ఇంక రంగు. చిరుధాన్యాల పాకెట్లు దాదాపు అన్నీ ఇదే గోధుమ కాగితం రంగు, ఇదే ఆకు. ఒక్కదాన్ని చూస్తే "సహజం" అనిపిస్తది. పది వరుసగా పెడితే ఒక్కటీ కనబడదు. పైగా ఒకే సంఘం వాళ్ళవి కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, అండుకొర్రలు అయిదూ ఒకే సంచిలో, ఒక్క పేరు మాత్రమే మారుతది. దుకాణంలో సర్దే పిల్లగాడు అన్నీ కలిపి ఒకే వరుసలో పెడుతడు. కొర్రలు అయిపోయినా ముందున్నవి సామలేనని ఎవరికీ తెల్వదు. సంచిలో పారదర్శకమైన కిటికీ పెట్టినం గదా అంటరు. పొట్టు తీసినంక కొర్ర, సామ, ఊద గింజలు దూరం నుంచి పోల్చుకోవడం పండించిన మనకే కష్టం, పట్నంలో ఉన్నోళ్ళకు ఎట్ల తెలుస్తది? దీనికి మందు చిన్నదే. గింజకో రంగు పట్టీ, పాకెట్ నడుమన అడ్డంగా, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు. కొర్రకు పసుపు, సామకు నీలం, అరికకు ఎరుపు, ఇట్ల. ఆ పట్టీలోనే గింజ పేరు.

రెండోది చదవగలగడం. దీనికి లెక్క ఉంది. అరకు, మనిషికి నడుమ దూరం ఒకటిన్నర మీటరు అనుకుందాం. మంచి చూపున్న మనిషి, మంచి వెలుతురులో, తెలుపు మీద నలుపు అయితే, ఆ దూరం నుంచి కష్టపడి పోల్చుకోగల అక్షరం ఎత్తు సుమారు 2 మిల్లీమీటర్లు. కష్టపడకుండా చదవాలంటే దానికి మూడు నాలుగు రెట్లు కావాలె. దూరాన్ని 200తో భాగిస్తే వచ్చేది కనీస ఎత్తు అని ఒక మోటు సూత్రం ఉంది, దాని ప్రకారం ఏడున్నర మిల్లీమీటర్లు. ఇది ఇంగ్లీషు అక్షరానికి. గోధుమ రంగు మీద బంగారు అక్షరానికి ఈ లెక్క పనికిరాదు. ట్యూబులైటు కింద ఆ బంగారం మెరిసి, ఒక కోణం నుంచి పూర్తిగా మాయమైతది.

తెలుగుకు ఇంకా ఎక్కువ స్థలం కావాలె, ఎందుకో చెప్తా. మన అక్షరానికి పైన గుడి ఉంటది, కింద వత్తు ఉంటది. "కొర్రలు" అన్న మాటలో ర కింద వత్తు వేలాడుతది. కంప్యూటర్‌లో ఇంగ్లీషుకు, తెలుగుకు ఒకే సైజు పెడితే, ఆ ఎత్తులోనే గుడి, వత్తు ఇమడాలి కాబట్టి అసలు అక్షరం చిన్నగైతది. సిరా కొంచెం పాకినా లోపలి గుండ్రాలు పూడిపోతయి. అందుకే ముందువైపు గింజ పేరుకు అక్షరం ఎత్తు, వత్తు లెక్కపెట్టకుండా, 12 మిల్లీమీటర్లకు తగ్గొద్దని నా మాట. వెనకవైపు చిన్న రాతలో కూడా తెలుగు ఇంగ్లీషు కంటే రెండు పాయింట్లు పెద్దగా ఉండాలె. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు సన్న రాతకు అస్సలు వద్దు. నాలుగు రంగులు కలిపి అచ్చు వేసేటప్పుడు ఒక రంగు వెంట్రుకవాసి జరిగినా తెల్ల గీత మూసుకుపోతది.

తెలుగు రాతకు ఇంకో ప్రమాదం ఉంది. ఫోన్‌లో టైపు చేసి పంపిన తెలుగును అచ్చు దుకాణంలో పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే వత్తులు ఊడిపోతయి. "కొర్రలు" కాస్తా "కొర్‌రలు" అయితది, "జొన్న" కాస్తా "జొన్‌న" అయితది. డిజైన్ చేసే పిల్లగానికి తెలుగు చదవడం రాకపోతే అట్లనే అచ్చుకు పోతది. కాబట్టి చివరి నమూనాను అక్షరం అక్షరం చదివే బాధ్యత సంఘంలో ఒక మనిషి తీసుకొని సంతకం పెట్టాలె.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్న? బొమ్మంతా సంచి మీదనే వేసే గ్రావ్యూర్ అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కాలె, ఒక్కో గింజకు ఒక్కో సెట్టు. సిలిండర్ ఖర్చు గిట్టాలంటే సంచులు వేలకు వేలు వేయించాలె. తప్పు తెలిసేసరికి గోడౌన్‌లో ఏడాదికి సరిపడా తప్పుడు సంచులుంటయి. చిన్న సంఘాలకు నా సలహా: బ్రాండ్ మాత్రమే ఉన్న ఒకే సంచి అన్ని గింజలకు వాడండి, గింజ వివరాలన్నీ పెద్ద స్టిక్కర్ మీద వేయించండి. స్టిక్కర్లు కొన్ని వందలు కూడా వేసిస్తరు. తప్పుంటే పోయేది స్టిక్కరే.

ఇప్పుడు ఏ మాట, ఏ భాషలో అన్నది. చాలామంది ఒక మాట చెప్తరు: "ఇంగ్లీషులో ఉండాలని చట్టం ఉంది గదా". చట్టం చెప్పింది ఇది. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపి హిందీలో గానీ ఉండాలె. దానికి తోడుగా ఏ భాషైనా వేసుకోవచ్చు, రెండింటి అర్థం తేడా రాకుండా ఉంటే చాలు. అంటే తెలుగు వేయమని చట్టం బలవంతం చేయదు, వద్దని కూడా అనదు. తెలుగు వేయకపోవడం మనం చేతులారా చేసుకున్నదే. తెలంగాణలో అమ్మే తిండి మీద తెలుగు తప్పనిసరి చేయాలని నేను అంటా. కానీ ప్రభుత్వం చెప్పేదాకా ఆగాల్సిన పని మనకు లేదు.

తెలుగులోనూ జాగ్రత్త ఉంది. మన దిక్కు తైదలు అంటరు, ఆంధ్ర దిక్కు రాగులు అంటరు, పటాన్‌చెరులో ఇద్దరూ ఉన్నరు. రెండూ వేయండి. హిందీ కూడా వేయండి, ఎందుకంటే పాశమైలారం, ఇస్నాపూర్ కంపెనీల్లో పనిచేసే బీహార్, ఉత్తరప్రదేశ్ వాళ్ళు మన పక్క దుకాణంలోనే సరుకు కొంటున్నరు. అయితే పేరును అక్షరాలు మార్చి రాస్తే సరిపోదు. మన సామలను హిందీలో కుట్కీ అంటరు. "సామా" అని హిందీలో రాస్తే వాళ్ళకు అర్థమయ్యేది మన ఊదలు, అంటే వాళ్ళు ఉపవాసం నాడు వండుకునే సాంవా బియ్యం. మన కొర్ర వాళ్ళకు కంగ్నీ, మన అరిక వాళ్ళకు కోదో. సామల పాకెట్ మీద "సామా" అని వేస్తే ఒక గింజ పేరుతో ఇంకో గింజ అమ్మినట్టే. అది మోసం అనుకోని చేసినా, కొన్నవాళ్ళకు మోసంగానే కనబడతది.

పేరు పక్కన ఇంకో మాట ఉండాలె: లోపలున్నది గింజనా, బియ్యమా, రవ్వనా, పిండా? "కొర్రలు" అని చూసి కొనుక్కపోయి, పొట్టు తీయనివి వస్తే వాళ్ళు ఇంక జన్మలో కొనరు. "కొర్ర బియ్యం, పాలిష్ పట్టనిది" అని పేరు కిందనే రాయాలె.

మూడోది వరుస. చేతిలోకి తీసుకున్న మనిషి ఏ వరుసలో వెతుకుతడో, మన రాత ఆ వరుసలో ఉండాలె. ఇది ఏంది, ఎంత బరువు, ఎంత ధర, ఎప్పటిదాకా బాగుంటది, ఎట్ల వండాలె, ఎవరు చేసిన్రు. ఈ ఆరు ప్రశ్నల తర్వాతనే రైతుల కథ. మనవాళ్ళు కథను వెనకవైపు నెత్తిన పెట్టి, తేదీని అతుకు పక్కన ఇరికిస్తరు. మన కష్టం చెప్పుకోవాలని అందరికీ ఉంటది, నాకూ ఉంది. కానీ కొనే అమ్మ ముందు ధర, తేదీ చూస్తది. అవి దొరకకపోతే కథ దాకా రాదు.

ముందువైపు: గింజ పేరు, రూపం, బరువు, శాకాహార గుర్తు, చిన్నగా బ్రాండ్. అరకిలో పాకెట్‌కు బరువు అంకెలు కనీసం 4 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. ఈ సంచి ముందు భాగం 330 చదరపు సెంటీమీటర్లు, దానికి ఆకుపచ్చ చుక్క వ్యాసం కనీసం 4 మిల్లీమీటర్లు, చుట్టూ చదరం దానికి రెట్టింపు. ఇవి కనీసాలే. నేనైతే బరువును 8 మిల్లీమీటర్లు పెట్టిస్తా.

వెనకవైపు పైన ఒక తెల్ల పెట్టె. అందులో తయారైన లేదా ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, బ్యాచ్, ఎమ్మార్పీ, గ్రాముకు ధర. రెండు తేదీలు ఒకే చోట ఉండాలని చట్టమే చెప్తున్నది. మిగతావి కూడా అక్కడనే ఉంటే కంటికి పని తగ్గుతది. ఈ పెట్టె తెల్లగా, మెరుపు పూత లేకుండా ఉండాలె. ఎందుకంటే తేదీ సంచితో పాటు అచ్చు కాదు, నింపిన రోజు చిన్న మిషన్‌తో వేస్తం. గోధుమ రంగు మీద, మెరిసే పూత మీద ఆ నల్ల సిరా ఆనదు, ఆనినా బొటనవేలుతో రుద్దితే పోతది. తేదీ చెరిగిన పాకెట్‌ను దుకాణదారు ముందు వాపసు పంపుతడు. తేదీ లేదా ధర కనబడని పాకెట్ తనిఖీలో దొరికితే అది లేబుల్ సరిగా లేని సరుకు కిందికి వస్తది, ఆహార భద్రత చట్టం 52వ సెక్షన్ కింద 3 లక్షల దాకా జరిమానా ఉంది. సజ్జ పిండి అయితే తేదీ ఇంకా ముఖ్యం. సజ్జలో నూనె ఎక్కువ, పిండి పట్టినంక తొందరగా చేదెక్కుతది, ఆ సంగతి తెలిసినవాళ్ళు తేదీ చూడకుండా పాకెట్ ముట్టరు.

తేదీల పెట్టె కింద వండే తీరు, నాలుగు చిన్న వరుసల్లో. ఎన్ని గంటలు నానాలె, ఒక గ్లాసుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు, ఎంతసేపు మంట మీద, ఎంతసేపు మూత పెట్టాలె. ఈ అంకెలు ఇంకో కంపెనీ పాకెట్ చూసి రాయొద్దు. మీ గింజను మీ మర పట్టిన తీరుతో ఇంట్లో రెండుసార్లు వండి రాయండి. పాలిష్ పట్టనిది ఎక్కువ నానాలె, ఎక్కువ నీళ్ళు తాగుతది. దాని కింద చిరునామా, ఫోన్ నంబరు, 14 అంకెల లైసెన్స్ నంబరు. అన్నిటికంటే కింద కథ, మూడు వాక్యాలు చాలు. "షుగర్ తగ్గుతది", "క్యాన్సర్ రాదు" అని మాత్రం ఎక్కడా రాయొద్దు. రోగం నయమైతదని తిండి పాకెట్ మీద రాయడం చట్టం ఒప్పుకోదు.

ఇదంతా సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడం ఎట్ల? ఖర్చు లేని పరీక్ష ఉంది. లేబుల్‌ను అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీయండి, గింజ నింపిన సంచికి అంటించండి. తెలిసిన కిరాణా కొట్టులో, వేరే ఏడెనిమిది పాకెట్ల నడుమ, మోకాలి ఎత్తు అరలో పెట్టండి. కంటి ఎత్తు అర పెద్ద కంపెనీలది, మనకు దొరికేది కింది అరే. సంఘంతో సంబంధం లేని పదిమందిని, అందులో సగం మంది యాభై దాటినవాళ్ళను, ఒక్కొక్కరిగా మూడడుగుల దూరంలో నిలబెట్టి, అయిదు సెకన్లు చూపించి పక్కకు తిప్పండి. "బాగుందా" అని అడగొద్దు. అందరూ బాగుందనే అంటరు. "ఏం సరుకు చూసిన్రు, ఎంత బరువు" అని అడగండి. ఎనిమిది మంది గింజ పేరు చెప్పకపోతే ముందువైపు మళ్ళీ చేయాలె.

తర్వాత పాకెట్ చేతికిచ్చి, "ఎప్పటిదాకా వాడొచ్చు? ఎన్ని నీళ్ళు పొయ్యాలె?" అని అడిగి గడియారం చూడండి. పది సెకన్లు దాటితే వరుస తప్పు. మనిషి పాకెట్‌ను రెండుసార్లు తిప్పిండంటే, లేదా వెలుతురుకు ఎత్తి పట్టుకున్నడంటే, నోటితో ఏం చెప్పినా అతనికి కనబడలేదన్నట్టే. చివరికి ఆ లేబుల్‌ను నలుపు-తెలుపు జిరాక్స్ తీయండి. జిరాక్స్‌లో మాయమైన అక్షరం కింది అరలోని మసక వెలుతురులో కూడా మాయమైతది. ఆ బంగారు అక్షరాలు ఈ ఒక్క పరీక్షలోనే పోతయి.

"బ్రాండ్ పెద్దగా లేకపోతే జనానికి మనం గుర్తెట్ల ఉంటం?" అని అడుగుతరు. న్యాయమైన ప్రశ్నే. కానీ బ్రాండ్ పేరు పెద్దగా వేసుకునే హక్కు టీవీలో రోజూ కనబడేటోళ్ళకు. వాళ్ళ పేరు చూసి జనం అర దగ్గరికి వస్తరు. మన దగ్గరికి వచ్చే మనిషి కొర్రల కోసం వస్తడు. కొర్రలు దొరికి, అన్నం మంచిగ అయితే, పాకెట్ తిప్పి మన పేరు చూస్తడు. రెండోసారి ఆ పేరు అడుగుతడు. ఆ రంగు పట్టీయే నాలుగు నెలల్లో మన గుర్తు అయితది.

మొదటి పాకెట్‌ను ఈ లెక్కన మారిస్తే ఖర్చు ఎంత? ఒక స్టిక్కర్ డిజైన్, పది జిరాక్సులు, ఒక సాయంత్రం కిరాణా కొట్టులో. ఆకు బొమ్మ మూడో వంతుకు తగ్గుతది, కొర్రలు అన్న మాట రెండు మిల్లీమీటర్ల నుంచి పన్నెండుకు పెరుగుతది, వెనక నాలుగో వరుస నుంచి ముందు నడుమకు వస్తది. సంఘాల్లో ఉన్న అన్నలు, అక్కలు ఈ వారం మీ పాకెట్ ఒకటి తీసి మోకాలి ఎత్తు అరలో పెట్టి, మూడడుగులు వెనక్కి జరిగి చూడండి. కొత్త సంచులకు అడ్వాన్స్ ఇచ్చేది ఆ తర్వాతనే.